శీర్షికలు, లింకు మాటలు తిరగరాయడం: స్క్రీన్ రీడర్‌తో చదివేవారి కోసం తరచుగా అడిగే ప్రశ్నలు

చూపు లేనివారికి తెరమీది మాటలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ స్క్రీన్ రీడర్. దానితో చదివేవారు తరచుగా శీర్షికలను, లింకులను మాత్రమే విడిగా వింటారు, చుట్టూ ఉన్న సందర్భం వారికి అందదు. ఆ మాటలను ఎలా తిరగరాయాలన్న దాని మీద, వెబ్ పేజీలకు తెలుగు రాసేవారితో కూర్చున్న ప్రతిసారీ ఇవే సందేహాలు తిరిగి తిరిగి వస్తున్నాయి. అందుకే ఒక చోట రాసి పెట్టాను. పని జరిగే వరుసలో ప్రశ్నలను విడదీశాను కానీ, ఎక్కడ మొదలుపెట్టి చదివినా ఇబ్బంది లేదు. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తి.

## పని మొదలుపెట్టే ముందు

స్క్రీన్ రీడర్ పేజీని పై నుంచి కిందికి చదివి వినిపిస్తుంది కదా, సందర్భం ఎందుకు తప్పిపోతుంది?

అలా చదివించుకోవచ్చు. కానీ నలభై పేరాల పేజీలో తనకు కావలసిన ఒక్క తేదీ కోసం మొత్తం వింటూ కూర్చునే ఓపిక ఎవరికి ఉంటుంది? చూపున్నవారు పత్రిక తిరగేస్తూ పెద్ద అక్షరాల మీద కన్ను వేసినట్టే, స్క్రీన్ రీడర్ వాడేవారు శీర్షికల మీదుగా దూకుతారు. విండోస్‌లో ఉచితంగా దొరికే స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏలో `H` నొక్కితే తర్వాతి శీర్షిక, `K` నొక్కితే తర్వాతి లింకు వినిపిస్తాయి. `Insert + F7` నొక్కితే పేజీలోని లింకులన్నీ ఒక జాబితాగా తెరుచుకుంటాయి. అదే పెట్టెలో శీర్షికల జాబితాకూ మారవచ్చు. ఐఫోన్‌లో దాని స్క్రీన్ రీడర్ వాయిస్‌ఓవర్ నడుస్తున్నప్పుడు రెండు వేళ్లు తెరమీద పెట్టి తిప్పితే వచ్చే రోటర్ కూడా ఇదే పని చేస్తుంది.

వెబ్‌ఎయిమ్ సంస్థ స్క్రీన్ రీడర్ వాడేవారి మీద జరిపి 2024లో వెలువరించిన సర్వేలో, పెద్ద పేజీలో సమాచారం వెతకడానికి మొదట శీర్షికలనే పట్టుకుంటామన్నవారు 71.6 శాతం. జాబితాలో శీర్షిక కింద ఉన్న పేరా కనిపించదు, లింకు చుట్టూ ఉన్న వాక్యమూ కనిపించదు. మీరు రాసిన నాలుగు మాటలే ఉంటాయి. "ఇక్కడ క్లిక్ చేయండి" అన్నది అక్కడ తొమ్మిదిసార్లు వినిపిస్తే, ఆ తొమ్మిదిలో ఫీజు కట్టే చోటు ఏదో తెలుసుకోవడానికి వినేవారికి ఆధారమేదీ ఉండదు.

"ఇక్కడ క్లిక్ చేయండి" అని రాయడం నియమాలకు విరుద్ధమా?

కచ్చితంగా చెప్పాలంటే, ప్రతిసారీ కాదు. వెబ్ అందుబాటుకు ప్రపంచమంతా అనుసరించే డబ్ల్యూసీఏజీ ప్రమాణాల్లో లింకుల గురించి రెండు నియమాలున్నాయి. 2.4.4 అన్నది కనీస స్థాయి: లింకు ఎక్కడికి తీసుకెళ్తుందో లింకు మాటలను బట్టి గానీ, అదే వాక్యం, అదే పేరా, అదే జాబితా అంశం వంటి పరిసరాలను బట్టి గానీ తెలిస్తే చాలు. 2.4.9 అన్నది అత్యున్నత స్థాయి: లింకు మాటలు ఒక్కటే విన్నా అర్థం కావాలి. కాబట్టి "ఫీజుల పట్టిక కోసం ఇక్కడ క్లిక్ చేయండి" అన్న వాక్యం కనీస నియమాన్ని దాటేస్తుంది, పెద్ద నియమం దగ్గర ఆగిపోతుంది.

శీర్షికలకు 2.4.6 వర్తిస్తుంది. అది మధ్య స్థాయి నియమం. శీర్షిక ఉంటే అది కింద ఉన్న విషయాన్ని చెప్పాలి అంటుంది. భారత ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు ఈ మధ్య స్థాయినే లక్ష్యంగా పెట్టుకున్నాయి. తనిఖీలో గట్టెక్కడమే మీ పని అయితే వాక్యంలోని "ఇక్కడ" బతికిపోతుంది. జాబితా తెరిచి వినేవారికి మాత్రం అది పనికిరాదు. నేను రెండో లెక్కనే పట్టుకుంటాను, ఎందుకంటే మార్చడానికి పట్టేది అర నిమిషం.

ముందు శీర్షికలు సరిచేయాలా, లింకులా?

శీర్షికలు. ఒక విభాగానికి స్పష్టమైన పేరు పెట్టబోతే పేరు కుదరదు, అప్పుడు గానీ ఆ విభాగంలో రెండు మూడు వేరు వేరు సంగతులు కలిసిపోయాయని తెలియదు. దాన్ని విడగొట్టాక కొన్ని లింకులు చోటు మారతాయి, కొన్ని అక్కర్లేకుండా పోతాయి. ముందే లింకులు దిద్దితే ఆ శ్రమ రెండింతలవుతుంది.

## శీర్షికలు తిరగరాసేటప్పుడు

"వివరాలు", "అర్హతలు", "గమనిక" అని చిన్నగా రాస్తే తప్పేమిటి? పైన పెద్ద శీర్షిక ఉంది కదా?

చూసేవారికి ఉంది. బీఎస్సీ అన్న పెద్ద శీర్షిక కింద "అర్హతలు", బీకాం కింద మళ్లీ "అర్హతలు" అని ఉంటే కంటికి ఇబ్బంది లేదు. `H` నొక్కుతూ వచ్చేవారికి మాత్రం "అర్హతలు, స్థాయి మూడు" అని రెండుసార్లు ఒకేలా వినిపిస్తుంది. కింది నుంచి పైకి, అంటే `Shift + H`తో వస్తున్నవారికి పెద్ద శీర్షిక ఇంకా చెవిన పడనే లేదు. ఎన్‌వీడీఏ జాబితా శీర్షికలను చెట్టు కొమ్మల్లా ఒకదాని కింద ఒకటి చూపిస్తుంది కాబట్టి అక్కడ కొంత నయం. ఒక్కొక్కటిగా దూకేటప్పుడు ఆ సాయం కూడా ఉండదు.

"బీఎస్సీకి అర్హతలు", "బీకాంకు అర్హతలు" అని ఒక్క మాట చేరిస్తే సరిపోతుంది. "గమనిక" అన్నదాన్ని మాత్రం అలా అతుకు వేసి దిద్దకండి. గమనికలో ఉన్న సంగతినే శీర్షిక చేయండి: "ఒరిజినల్ సర్టిఫికెట్లు లేకుండా రావద్దు". అంతకంటే చెప్పాల్సింది లేకపోతే కింద పేరా కూడా అక్కర్లేదు. "పైన చెప్పినవి కాక", "అవి ఏవంటే" వంటి శీర్షికలు మరీ ఇబ్బంది, వాటిలో సర్వనామమే తప్ప విషయం ఉండదు.

శీర్షికలో ఏ మాట ముందు రావాలి?

మిగిలిన శీర్షికల నుంచి దీన్ని వేరుచేసే మాట. జాబితాలో కింది బాణం నొక్కుతూ వెళ్లేవారు ప్రతి అంశంలో మొదటి రెండు మూడు మాటలు విని, తమది కాదనుకుంటే మధ్యలోనే ఆపి తర్వాతి దానికి వెళ్తారు.

ఈ విషయంలో తెలుగు మనకు సాయం చేసే భాష. మన ప్రశ్నల్లో విషయం ముందు, "ఎలా", "ఎప్పుడు" చివర వస్తాయి. "పింఛను ఆగిపోతే ఏం చేయాలి?" అన్న శీర్షికలో మొదటి మాటే పింఛను. ఆ సాయాన్ని కార్యాలయ తెలుగు పాడుచేస్తుంది. ఈ మూడు శీర్షికలను చెవితో విన్నట్టు చదవండి:

> 2025-26 విద్యా సంవత్సరానికి గాను ప్రథమ సంవత్సర విద్యార్థుల ఫీజుల వివరములు
> 2025-26 విద్యా సంవత్సరానికి గాను ప్రథమ సంవత్సర విద్యార్థుల హాస్టల్ ప్రవేశములు
> 2025-26 విద్యా సంవత్సరానికి గాను ప్రథమ సంవత్సర విద్యార్థుల బస్సు పాసులు

సంఖ్యలు చదివి, "విద్యా సంవత్సరానికి గాను" దాటి, అసలు మాట వచ్చేసరికి ఐదారు క్షణాలు గడుస్తాయి. మూడుసార్లూ అంతే. సంవత్సరాన్ని పేజీ ప్రధాన శీర్షికలో ఒకసారి చెప్పేసి, కింద "ఫీజులు: మొదటి సంవత్సరం", "హాస్టల్ ప్రవేశాలు: మొదటి సంవత్సరం", "బస్సు పాసులు: మొదటి సంవత్సరం" అంటే చాలు.

అక్షరాలు పెద్దవి చేసి బోల్డ్ పెట్టాను, అది శీర్షిక కాదా?

కంటికి శీర్షికే. స్క్రీన్ రీడర్‌కు మాత్రం మామూలు పేరాయే, `H` నొక్కినప్పుడు అక్కడ ఆగదు. మాటలు ఎంత బాగా తిరగరాసినా జాబితాలోకి రావు. మొదటి వరుస వద్దు, రెండోది కావాలి:

```html
<p><b>బీకాంకు అర్హతలు</b></p>
<h3>బీకాంకు అర్హతలు</h3>
```

వర్డ్‌లో, గూగుల్ డాక్స్‌లో కూడా ఇదే తేడా ఉంది. అక్షరాల సైజు పెంచడం కాకుండా, వరుస మీద కర్సర్ పెట్టి `Ctrl + Alt + 2` నొక్కితే అది రెండో స్థాయి శీర్షిక అవుతుంది. స్థాయిలను అందం కోసం ఎంచుకోకండి. `h2` పెద్దగా కనిపిస్తోందని `h4` పెడితే, వినేవారు మధ్యలో తామేదో వదిలేశామనుకుని వెనక్కి వెళ్లి వెతుకుతారు. అక్షరాల సైజు నచ్చకపోతే, పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్ఎస్‌లో మార్చుకోవచ్చు.

శీర్షికలు డీటీపీ వాళ్లు పంపిన ఫైల్లోంచి అతికించాను. తెరమీద చక్కగా ఉన్నాయి, స్క్రీన్ రీడర్ మాత్రం ఏదో గొణుగుతోంది. ఎందుకు?

అవి యూనికోడ్ కాని పాత ఫాంట్లలో టైపు చేసి ఉంటాయి. ఆ ఫాంట్ల కింద దాగి ఉండేవి తెలుగు అక్షరాలు కావు, ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. వాటికి తెలుగు ఆకారం తొడుగుతారంతే. స్క్రీన్ రీడర్ చదివేది ఆకారాన్ని కాదు, లోపలి అక్షరాన్ని. పట్టుకోవడం తేలిక: శీర్షికను కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించండి. తెలుగు వస్తే యూనికోడ్, పిచ్చి గీతలు వస్తే పాత ఫాంటు. మార్పిడి సాధనాలున్నాయి కానీ అవి వత్తుల దగ్గర పొరబడుతుంటాయి. పది పన్నెండు శీర్షికలకు నేనైతే తిరిగి టైపు చేసుకుంటాను.

యూనికోడ్‌లో ఉన్నా ఇంగ్లీషు గొంతుతో వింతగా చదువుతుంటే, లేదా అసలు చదవకపోతే, పేజీ భాష ప్రకటించారో లేదో చూడండి. `<html lang="te">` అని ఉండాలి. చాలా తెలుగు పేజీల్లో టెంప్లేటుతో వచ్చిన `lang="en"` అలాగే ఉండిపోతుంది.

శీర్షిక మార్చితే ఇతరులు ఇచ్చిన పాత లింకులు తెగిపోతాయా?

తెగిపోవచ్చు. చాలా సైట్లలో శీర్షిక మాటల నుంచే, పేజీలో ఆ చోటికి చిరునామాగా పనిచేసే `id` తయారవుతుంది. మాటలు మారితే `id` మారుతుంది, ఆ చోటికి నేరుగా వచ్చే లింకు పేజీ మొదట్లో ఆగిపోతుంది. చూసేవారు కిందికి జరుపుకుని వెతుక్కుంటారు. వినేవారికి తాము తప్పు పేజీకి వచ్చామో, సరైన పేజీలో తప్పు చోట ఉన్నామో తెలియదు. అందుకని మాటలు మార్చే ముందు పాత `id` రాసుకుని, కొత్త శీర్షికకు అదే ఇవ్వండి:

```html
<h3 id="eligibility-2">బీకాంకు అర్హతలు</h3>
```

## లింకులు తిరగరాసేటప్పుడు

"ఇక్కడ క్లిక్ చేయండి" తీసేస్తే దాని బదులు ఏం రాయాలి?

చాలాసార్లు కొత్తగా రాయాల్సింది ఏమీ ఉండదు, లింకు సరిహద్దు జరిపితే చాలు. "హాస్టల్ నియమాల కోసం ఇక్కడ క్లిక్ చేయండి" అన్న వాక్యంలో అసలు మాటలు ఎడమ పక్కనే ఉన్నాయి. "ఇక్కడ క్లిక్ చేయండి" కొట్టేసి, "హాస్టల్ నియమాలు" అన్నదాన్నే లింకు చేయండి.

లింకు నొక్కితే పేజీ తెరుచుకునే చోట నామవాచకం చాలు: "హాస్టల్ నియమాలు". నొక్కినవారు అక్కడ ఏదైనా చేయాల్సి ఉంటే క్రియ కూడా పెట్టండి: "హాస్టల్ ఫీజు చెల్లించండి". ఈ రెండూ ఒకే పేజీలో ఉంటే, ఒకటి చదవడానికి, రెండోది కట్టడానికి అని మాటల్లోనే తెలిసిపోతుంది. "హాస్టల్ నియమాల లింకు" అని మాత్రం రాయకండి. అది లింకు అని స్క్రీన్ రీడర్ తానే చెబుతుంది, మీరూ చెబితే "లింకు, హాస్టల్ నియమాల లింకు" అవుతుంది.

విభక్తి ప్రత్యయం లింకు లోపల ఉండాలా, బయట ఉండాలా?

ఇది తెలుగులో రాసేవారికే వచ్చే చిక్కు. ఇంగ్లీషు మార్గదర్శకాల్లో వెతికితే దొరకదు. "దరఖాస్తు ఫారంలో ఫోటో అతికించాలి" అన్న వాక్యంలో "దరఖాస్తు ఫారం" వరకే లింకు చేస్తే, "లో" బయట పడుతుంది. వేలితో జరుపుతూ వినే ఫోనులో లింకు ఒక ముక్కగా, "లో ఫోటో అతికించాలి" మరో ముక్కగా వినిపించవచ్చు. "లో"తో మొదలయ్యే వాక్యం ఎవరికీ అర్థం కాదు. సరే, "దరఖాస్తు ఫారంలో" అంతా లింకు చేద్దామంటే, జాబితాలో ఆ "లో" వేలాడుతూ ఉంటుంది.

మాట రూపం మారే చోట ఇంకా చిక్కు. "నియమాలు" అన్నది "నియమాలలో", "నియమాలకు" అవుతుంది. ప్రత్యయాన్ని బయట వదిలితే లింకులో మిగిలేది "హాస్టల్ నియమాల". తలుపు సగం తెరిచి వదిలేసినట్టుంటుంది.

నేను చేసేది వాక్యాన్నే తిప్పి రాయడం, లింకు ప్రథమా విభక్తిలో నిలిచేలా. "ఫోటో అతికించాల్సిన కాగితం: దరఖాస్తు ఫారం" అనవచ్చు. లేదా వాక్యం మామూలుగా రాసేసి, లింకును కింద వేరే వరుసలో ఒంటరిగా పెట్టవచ్చు. వాక్యం తిప్పడం కుదరకపోతే, ప్రత్యయంతో సహా పూర్తి మాటను లింకులో పెట్టేస్తాను. జాబితాలో వేలాడే "లో" కంటే, విరిగిన మాట ఎక్కువ బాధపెడుతుంది.

వార్తల జాబితాలో ప్రతి దాని కింద "ఇంకా చదవండి" ఉంది. డిజైనర్ దాన్ని తీయనివ్వడం లేదు. ఏం చేయాలి?

ముందు ఒకటి అడగండి: వార్త శీర్షిక కూడా లింకేనా, బొమ్మ కూడా లింకేనా? చాలా సైట్లలో ఒకే వార్తకు మూడు లింకులుంటాయి, మూడూ ఒకే చోటికి పోతాయి. పన్నెండు వార్తలంటే ముప్ఫై ఆరు లింకులు. శీర్షికను ఒక్కదాన్నే లింకుగా ఉంచి, మిగిలిన రెండింటినీ తీసేయగలిగితే అంతకంటే మంచిది లేదు.

ఆ మాట తెరమీద ఉండి తీరాలంటే, కంటికి కనబడకుండా చెవికి వినబడే ముక్కను పక్కన చేర్చవచ్చు:

```html
<a href="/varta/cheruvu">ఇంకా చదవండి<span
  class="vinikidi">: చెరువు పూడికతీత పనులు</span></a>
```

```css
.vinikidi { position: absolute; width: 1px; height: 1px;
  overflow: hidden; clip-path: inset(50%); white-space: nowrap; }
```

ఇక్కడ `display: none` వాడితే స్క్రీన్ రీడర్‌కు కూడా ఆ ముక్క మాయమవుతుంది, చేసిన పని వృథా. ఇలా చేసినా జాబితాలో ప్రతి లింకూ "ఇంకా చదవండి" అనే మొదలవుతుంది. పన్నెండుసార్లూ ముందు అది విన్నాకే అసలు మాట వస్తుంది. కాబట్టి దీన్ని సర్దుబాటుగానే చూడండి.

కనిపించే మాటలు అలాగే ఉంచి `aria-label` పెడితే సరిపోదా?

పని చేస్తుంది కానీ రెండు చిక్కులున్నాయి. మొదటిది, `aria-label` అన్నది కోడ్‌లో లింకుకు ఇచ్చే, తెరమీద కనబడని పేరు. అది కనిపించే మాటలకు చేర్పు కాదు, స్క్రీన్ రీడర్‌కు వాటి స్థానంలో కూర్చుంటుంది. తెరమీద "ఫీజు వివరాలు" అని ఉండి, లోపల "చెల్లింపుల పట్టిక" అని రాస్తే, గొంతుతో కంప్యూటర్‌ను నడిపేవారు "ఫీజు వివరాలు" అన్నప్పుడు ఆ పేరుతో లింకు దొరకదు. కనిపించే మాటలు లోపలి పేరులో ఉండి తీరాలని డబ్ల్యూసీఏజీ 2.5.3 నియమం చెప్పేది ఇందుకే. అవి మొదట్లోనే ఉంటే ఇంకా మంచిది.

రెండోది నా అనుభవంలో ఎక్కువగా చూసింది. కనబడనిదాన్ని ఎవరూ దిద్దరు. ఏడాది గడిచాక తెరమీది మాటలు మారతాయి, లోపలి పేరు పాతదే ఉండిపోతుంది. ఒక పేజీలో తెరమీద కొత్త చివరి తేదీ, `aria-label`లో పాత తేదీ చూశాను. ఆ పేజీ చూసినవారికి ఒక తేదీ, విన్నవారికి మరో తేదీ చెబుతోంది. అందరికీ కనిపించే మాటలనే బాగు చేయగలిగితే ఈ గొడవ ఉండదు.

పీడీఎఫ్ తెరుచుకుంటుందని, కొత్త విండో వస్తుందని లింకులో చెప్పాలా?

చెప్పాలి, లింకు లోపలే చెప్పాలి. బయట రాస్తే జాబితాలోకి రాదు. "ఫీజుల పట్టిక, పీడీఎఫ్, 2 ఎంబీ" అని చివర చేర్చండి. ముందు పెడితే ప్రతి లింకూ "పీడీఎఫ్" అని మొదలవుతుంది. కొత్త విండో విషయం నొక్కే ముందే తెలియకపోతే, వెనక్కి వెళ్లే మీట ఎందుకు పనిచేయడం లేదో వారికి అర్థం కాదు.

లింకు ఎంత పొడవుండవచ్చు?

ప్రమాణాల్లో లెక్కేమీ లేదు. నేను ఎనిమిది మాటలు దాటనివ్వను. పేరా మొత్తం లింకు చేసిన చోట అది జాబితాలో ఒక్క ఊపిరిలో చదివే దండకమవుతుంది. వెబ్ చిరునామాను అలాగే లింకుగా అతికించడం అంతకంటే ఇబ్బంది, చుక్కలూ గీతలూ అన్నీ వినాలి.

లింకుల ముందు బాణం గుర్తులు, పక్కన మెరిసే "న్యూ" బొమ్మ ఉన్నాయి. అవి కూడా చదువుతుందా?

అక్షరాలుగా టైపు చేసిన బాణాలను, నక్షత్రాలను కొన్ని స్క్రీన్ రీడర్లు వాటి పేర్లతో సహా చదువుతాయి. అలంకారమే అయితే వాటిని సీఎస్ఎస్ నేపథ్య బొమ్మగా మార్చండి. మన నోటిఫికేషన్ల పేజీల్లో మెరిసే "న్యూ" ఎన్నేళ్లయినా తీయరు కదా, బొమ్మ బదులు చదివే దాని ప్రత్యామ్నాయ పాఠం, అంటే `alt`, లింకు లోపల ఉంటే లింకు పేరులో భాగమైపోతుంది. పాతబడిన వాటికి ఆ బొమ్మ తీసేయండి. మిగిలినవాటికి `alt=""` పెట్టి, లింకు చివర తేదీ రాయండి. బొమ్మ ఒక్కటే లింకుగా ఉన్న చోట మాత్రం `alt` ఖాళీగా వదలకండి. అక్కడ లింకుకు ఉన్న పేరు అదొక్కటే. అది లేకపోతే చిరునామాలోని ఏదో ముక్క చదువుతుంది.

## ఒక పేజీని మొత్తంగా తీసుకుంటే

నిజమైన పేజీ ఒకటి తీసుకుని, మొదటి నుంచి చివరి దాకా ఎలా మార్చారో చూపిస్తారా?

ఒక డిగ్రీ కళాశాల ప్రవేశాల పేజీ నా దగ్గరికి వచ్చింది. చూడటానికి శుభ్రంగానే ఉంది. ముందు శీర్షికలు మాత్రమే విడిగా రాసుకున్నాను: స్వాగతం, ముఖ్య గమనిక, వివరాలు, అర్హతలు, అర్హతలు, ఫీజులు, ఇతర వివరాలు, సంప్రదించండి. ఈ ఎనిమిదీ చదివి ఇది కళాశాలో, ఆస్పత్రో, కల్యాణ మండపమో చెప్పండి చూద్దాం.

"స్వాగతం" స్థానంలో "డిగ్రీ మొదటి సంవత్సరం ప్రవేశాలు" వచ్చింది. "ముఖ్య గమనిక" కింద ఉన్నది చివరి తేదీ ఒక్కటే, కాబట్టి "దరఖాస్తుకు చివరి తేదీ: జూలై 10" అన్నదే శీర్షిక అయింది. "వివరాలు" కింద దరఖాస్తు చేసే పద్ధతి ఉంది, "దరఖాస్తు చేసే విధానం" అన్నాను. రెండు "అర్హతలు" బీఎస్సీకి, బీకాంకు విడిపోయాయి. "ఇతర వివరాలు" దగ్గర ఆగిపోయాను. అందులో హాస్టల్, బస్సు పాసు, ఎన్‌సీసీ మూడూ ఉన్నాయి. ఏ పేరు పెట్టినా ఒకటి బయట ఉండిపోతోంది. చివరికి మూడు చిన్న విభాగాలు చేశాను. హాస్టల్ సమాచారం ఆ పేజీలో లేదని పిల్లలు ఫోన్లు చేస్తుంటారని కార్యాలయంలో అన్నారు. ఉంది, పేరు లేకుండా ఉంది.

తర్వాత లింకులు. "ఇక్కడ క్లిక్ చేయండి" ఐదు, "డౌన్‌లోడ్" నాలుగు, "మరిన్ని వివరాలు" మూడు. మొత్తం పన్నెండు. పేరు పెట్టాలంటే ప్రతి లింకునూ తెరిచి చూడాలి కదా, అక్కడ అసలు సంగతులు బయటపడ్డాయి. నాలుగు డౌన్‌లోడ్లలో రెండు గత ఏడాది ఫైళ్లు. మూడు "మరిన్ని వివరాలు"లో రెండు ఒకే పేజీకి వెళ్తున్నాయి. పాత ఫైళ్లు రెండూ తీసేశాం, ఒకే చోటికి పోయే రెండింటిని ఒకటి చేశాం. తొమ్మిది మిగిలాయి. వాటిలో కొన్ని ఇలా మారాయి:

| పాత మాటలు | కొత్త మాటలు |
|---|---|
| ఇక్కడ క్లిక్ చేయండి | ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయండి |
| ఇక్కడ క్లిక్ చేయండి | దరఖాస్తు రుసుము చెల్లించండి |
| డౌన్‌లోడ్ | ఫీజుల పట్టిక, పీడీఎఫ్, 2 ఎంబీ |
| డౌన్‌లోడ్ | హాస్టల్ దరఖాస్తు ఫారం, పీడీఎఫ్, 1 ఎంబీ |
| మరిన్ని వివరాలు | బస్సు పాసుకు కావలసిన పత్రాలు |

మొత్తం పని ఒక మధ్యాహ్నం పట్టింది. అందులో మాటలు రాయడానికి పట్టింది గంటకు లోపే. మిగిలిన సమయమంతా ఏ ఫైలు ఏ ఏడాదిదో కనుక్కోవడానికే పోయింది.

## పరీక్షించేటప్పుడు

నాకు స్క్రీన్ రీడర్ వాడటం రాదు. అది లేకుండా పరీక్షించవచ్చా?

మాటల వరకు పరీక్షించవచ్చు. బ్రౌజర్లో పేజీ తెరిచి `F12` నొక్కి, కన్సోల్‌లో ఇవి అతికించండి:

```js
document.querySelectorAll('h1,h2,h3,h4,h5,h6')
  .forEach(h => console.log(h.tagName, h.textContent.trim()));
document.querySelectorAll('a[href]')
  .forEach(a => console.log(a.textContent.trim(), '→', a.href));
```

శీర్షికలు స్థాయిలతో, లింకులు గమ్యాలతో వరుసగా వస్తాయి. గమ్యాలు చెరిపేసి, పేజీ ఎన్నడూ చూడనివారికి ఆ జాబితా ఇచ్చి "ఫీజు కట్టాలంటే దేన్ని నొక్కుతారు?" అని అడగండి. వారు తడబడిన చోటే దిద్దాలి. మాటలు ఒకటే ఉండి గమ్యాలు వేరుగా ఉన్నవాటిని ముందు పట్టుకోండి. ఈ పద్ధతికి ఒక లోటుంది: `aria-label`లో రాసినవి, బొమ్మల `alt` మాటలు ఇందులో కనిపించవు. ఖాళీగా వచ్చిన వరుస దగ్గర లోపల ఏముందో విడిగా చూడాలి.

ఎన్‌వీడీఏ పెట్టుకున్నాను. తెలుగు పేజీని దానితో ఎలా వినాలి?

ముందు తెలుగు చదివే గొంతు ఎంచుకోండి. దానితోపాటే వచ్చే ఈస్పీక్ ఎన్‌జీలో తెలుగు ఉంది. గొంతు కాస్త యంత్రంలా ఉంటుంది, మొదటి పది నిమిషాలు చిరాకేస్తుంది, తర్వాత అలవాటవుతుంది. ఆపైన తెర ఆపేయండి, లేదా కళ్లు మూసుకోండి. తెర చూస్తూ వింటే మీ కన్ను సందర్భాన్ని దొంగచాటుగా అందిస్తూనే ఉంటుంది. `H` నొక్కుతూ చివరి దాకా వెళ్లండి, `Shift + H`తో వెనక్కి రండి, తర్వాత `Insert + F7` జాబితా వినండి. ఒక పని పెట్టుకుని వినడం మంచిది: హాస్టల్ ఫారం కనుక్కోవాలి, అంతే. దారి తప్పిన చోటు రాసుకోండి. నోరు ఆగకపోతే `Ctrl` నొక్కండి, ఆగుతుంది.

రోజూ దీనితోనే చదివేవారు మనకంటే ఎన్నో రెట్లు వేగంగా వింటారు, మనం ఊహించని మీటలు వాడతారు. మీరు విన్నది వారు వినే తీరు కాదు. వీలైతే వారిలో ఒకరిని పిలిచి, వారి సమయానికి డబ్బిచ్చి, పేజీ వారి చేతికివ్వండి.

మా సైట్లో వందల పాత పేజీలున్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలి?

పేజీల్లో కాదు, టెంప్లేటులో. "ఇంకా చదవండి", "డౌన్‌లోడ్" వంటివి ఎక్కువ భాగం ఎవరూ చేత్తో రాసినవి కావు, టెంప్లేటు ముద్రించినవి. వార్త శీర్షికనే లింకుగా మార్చే ఒక్క సవరణతో ఆ టెంప్లేటు మీద నడిచే పేజీలన్నీ మారతాయి. తర్వాత సైట్లోని లింకులన్నీ ఒక స్ప్రెడ్‌షీట్‌లోకి తెచ్చి, లింకు మాటల నిలువు వరుసను అకారాది క్రమంలో పెట్టండి. "ఇక్కడ" అన్నవన్నీ ఒక గుంపుగా, "క్లిక్" అన్నవన్నీ ఒక గుంపుగా చేరతాయి. వాటిలో దరఖాస్తులు, చెల్లింపులు ఉన్న పేజీలను ముందు దిద్దండి. పదేళ్ల కిందటి ప్రెస్ నోట్లు ఆగగలవు, వాటిలో సగం గమ్యాలు ఈపాటికి తెగిపోయే ఉంటాయి.